రాతి మీద నీఱు: బండి ఱ గురించి నా మాట

మా తాత పేరు మీద బైరకూరులో చిన్న నీళ్ల తొట్టి కట్టిస్తున్నాము. మన ఇంటి వాళ్లందరికీ తెలిసిన సంగతే. తొట్టి పని అయిపోయింది, మిగిలింది దాని ముందు నిలిపే రాయి. రాతి మీద ఏమి చెక్కాలో చిన్నాయన రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టినాడు. కన్నడంలో రెండు వరసలు, కింద తెలుగులో రెండు వరసలు. తెలుగు వరసలో "త్రాగునీఱు" అని ఉంది. పక్కనే తాత పేరు, అందులో "ఎఱ్ఱ" అన్న భాగం కూడా బండి ఱతోనే.

నేను ఫోన్ చేసినాను. "చిన్నాయనా, నీరుకు ఈ అక్షరం ఎందుకు పెట్టినావు?" అంటే, "పాత తెలుగు అట్లే ఉంటుంది కదప్పా. తాత పుస్తకం చూడు, అంతా ఆ రే. రాయి నూరేండ్లు ఉండేది, అందంగా ఉండనీ" అన్నాడు. ఆయన మీద నాకు గౌరవం, తెలుగు మీద ఆయనకు ఉన్న ఆశ కూడా నాకు తెలుసు. ఆయనా నేనూ చదివింది కన్నడ మీడియమే. తెలుగు చదవను నేర్చుకొన్నది ఇంట్లో, అవ్వ దగ్గర. అందుకే "తప్పు" అని వెంటనే చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. పనేమో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అనుమానం వస్తే పరీక్ష చేయనిదే నిద్ర పట్టదు. ఆ రాత్రి మొదలుపెట్టినది మూడు వారాలు పట్టింది. దాని ఫలితమే ఇది.

ముందు ఒక్క మాటలో: నీరు అంటే నీళ్లు. నీఱు అంటే బూడిద. రెండూ మంచి తెలుగు మాటలే, రెండూ పాత నిఘంటువుల్లో వేరు వేరుగా ఉన్నవే. ఇప్పుడు మనం "నివురుగప్పిన నిప్పు" అంటామే, దాన్నే పాత పుస్తకాల్లో "నీఱుగప్పిన నిప్పు" అని రాసినారు. మన తొట్టి మీద, ఎండలో నడిచి వచ్చిన మనిషికి, తాగను బూడిద ఉందని చెక్కబోతిమి.

ఇది నాకు నిఘంటువు కంటే ముందు తెలిసింది మా ఆఫీసులో. నా పక్క సీటు అతను కేజీఎఫ్‌లో పుట్టి పెరిగిన తమిళం మనిషి. తెలుగు మాట్లాడతాడు, చదవను రాదు. తమిళంలో ఇప్పటికీ రెండు ర‌లు ఉన్నాయి. పిల్లలు వాటిని చిన్న ర, పెద్ద ఱ అంటారు. "నీరు"కు ఏ ర రాస్తావని అడిగితే, "తన్నీర్‌కు చిన్న ర. పెద్దది పెడితే తిరునీఱు, అంటే విభూతి" అని నవ్వినాడు. కేజీఎఫ్ చుట్టుపక్కల ఉన్న మనకు ఇదొక అదృష్టం. మన అక్షరం పోయినా, పక్కింటి వాళ్ల నోటు పుస్తకంలో అది బతికే ఉంది.

ఇంతకూ ఈ అక్షరం ఏమిటి? దీనికి శకటరేఫం అని, బండి ఱ అని పేరు. శకటం అంటే బండి, ఆకారం బండిలా ఉంటుందని ఆ పేరు. కన్నడంలో కూడా ఇదే అక్షరం ఉండేది, వాళ్లూ శకట రేఫ అనే అంటారు. హైస్కూల్లో హళగన్నడ పద్యాలు చదివిన వాళ్లకు ఒకటి రెండు చోట్ల తగిలి ఉంటుంది. మా మాస్టరు "ర అని చదువుకోండి, పరీక్షకు రాదు" అని దాటేసినాడు. పరీక్షకు రాలేదు, నిజమే. ఇరవై ఏండ్ల తర్వాత రాతి మీదికి వచ్చింది.

ఱ అలంకారం కోసం పుట్టిన అక్షరం కాదు. ఒకప్పుడు దాని పలుకే వేరు. మామూలు ర పలికేటప్పుడు నాలుక కొన ఒక్కసారి తేలికగా తగిలి వస్తుంది. ఱ పలికేటప్పుడు నాలుక పై పళ్ల వెనక చిగురు మీద గట్టిగా ఆని అదిరేది. ఇంకా పాత కాలంలో, తెలుగు, కన్నడం, తమిళం విడిపోక ముందు, అది ట‌కూ త‌కూ నడుమ ఉండే ఒక గట్టి హల్లు అని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ గట్టిదనం ఆనవాళ్లు మన నోట్లో ఇంకా ఉన్నాయి. ఏరు నిండింది అంటాము, కానీ ఏటి గట్టు అంటాము. నూరు అంటాము, కానీ నూట పది అంటాము. ఈ ట ఎక్కడి నుంచి వచ్చింది? ఆ పాత గట్టి హల్లు రెట్టించిన చోట తెలుగులో ట అయింది, రెట్టించని చోట ఱ అయింది. ఏఱు, ఏటి. నూఱు, నూట. ఈ రెండు మాటల్లోనూ పాత రాత బండి ఱే.

నాకు బాగా నచ్చిన జత ఊఱు, ఊట. బావిలో నీళ్లు ఊరుతాయి, ఊట వస్తుంది. ఆ ఊఱు నుంచే ఊఱగాయ. ఉప్పులో ఊరిన కాయ అన్నమాట. తమిళంలో ఊఱుకాయ్, పెద్ద ఱతోనే. చిన్నప్పుడు నేను ఊరగాయ అంటే మన ఊరి కాయ అనుకొనేవాణ్ణి, కర్నూలు నుంచి వచ్చినదైనా సరే. ఊరు అంటే గ్రామం, దానికి మామూలు ర. తమిళంలోనూ చిన్న ర. పాత రాతలో చూస్తే ఈ పొరపాటుకు తావే లేదు: ఊరు, ఊఱు. (కన్నడంలో ఊట అంటే భోజనం. దానికీ దీనికీ సంబంధం లేదు. మా ఇంట్లో ఈ రెండు ఊటలతో జరిగిన తమాషాలు ఇంకోసారి రాస్తాను.)

ఇట్లాంటి జతలు ఇంకొన్ని ఉన్నాయి. చెట్టు వేరుకు ర, "వేరే" అన్న అర్థంలో ఉండే వేఱుకు బండి ఱ. తమిళంలో వేర్, వేఱు. కన్నడంలో బేరు, బేరె. కన్నడంలో చివర అచ్చు మారింది కాబట్టి ఇబ్బంది లేదు. తెలుగులో మాత్రం ఇప్పుడు రెండూ "వేరు" అయిపోయినాయి. అట్లాగే దున్నే ఏరుకు ర, అదే ఏరువాక పున్నమిలోని ఏరు. పారే ఏఱుకు బండి ఱ. తమిళంలో నాగలి ఏర్, నది ఆఱు. నంది కొండల్లో పుట్టి మన కోలారు జిల్లా గుండా తమిళనాడుకు పోయే పాలారు పేరు చివర ఉన్నది ఆ ఆఱే. వాళ్ల ఆఱు, మన ఏఱు ఒకే మాట.

మరి ఈ తేడా ఎప్పుడు పోయింది? ఒక రోజున పోయింది కాదు. దీన్ని పట్టుకొనేందుకు పద్యంలో ఒక మంచి సాధనం ఉంది, ప్రాస. వృత్తాల్లో, కందంలో ప్రతి పాదంలోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి. మొదటి పాదంలో రెండో అక్షరం ఱ అయితే మిగిలిన పాదాల్లోనూ ఱే ఉండాలి, ర పెడితే తప్పు. పదకొండో శతాబ్దంలో నన్నయ ఈ రెంటినీ విడిగానే ఉంచినాడు. అంటే ఆయన చెవికి అవి రెండు వేరు హల్లులు. తర్వాతి కవులు కలపను మొదలుపెట్టినారు. అంటే చెవిలో తేడా సన్నగిల్లింది. పదిహేడో శతాబ్దానికి వచ్చేసరికి అప్పకవి తన లక్షణ గ్రంథంలో ఏ మాటకు ఏ రేఫ అన్నది కూర్చొని చెప్పవలసి వచ్చింది. నాకు ఇది చాలా పెద్ద సాక్ష్యం. నోటితో తేడా పలికే వాళ్లకు జాబితా అక్కర లేదు. క‌కూ గ‌కూ ఏ మాటలో ఏది రాయాలని మనకు ఎవరైనా జాబితా ఇస్తారా? జాబితా వచ్చిందంటే ఆ తేడా నోరు విడిచి పుస్తకంలోకి చేరిందన్న మాట.

అయితే నోట్లో లేనిది పందొమ్మిదో శతాబ్దపు అచ్చులో ఎందుకు ఉంది? ఇక్కడే చాలామంది పొరబడతారు. మన ముత్తాతలు ఱ అని వేరుగా పలికేవాళ్లు కాబట్టి పుస్తకాల్లో ఉంది అనుకొంటారు. కాదు. అచ్చు పుస్తకాలు వచ్చిన కాలంలో రాతకు ప్రమాణం పాత కావ్యభాష. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. అందులో తెలుగుకు 36 వర్ణాలని లెక్క చెప్పినాడు, ఆ లెక్కలో బండి ఱను విడిగా చేర్చలేదు. బడి పుస్తకాలు, వచన పుస్తకాలు ఆ వ్యాకరణం వెంట నడిచినాయి. బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లో తెచ్చిన శబ్దరత్నాకరం మాటలను బండి ఱతో, అరసున్నతో సహా ఇచ్చింది. చదువుకొన్న వాడు అంటే ఏ మాటకు ఏ ర అన్నది కంఠతా తెలిసిన వాడు. ఇప్పుడు ఇంగ్లీషు స్పెల్లింగులు కంఠతా పట్టినట్టే అది కూడా. పలుకుకూ దానికీ అప్పటికే సంబంధం లేదు.

గిడుగు రామమూర్తి పంతులు మొదలైన వాళ్లు వాడుక భాషను రాతలోకి తెచ్చే పోరాటం చేసినాక, పత్రికలు, కథలు, తర్వాత పాఠ్యపుస్తకాలు మెల్లగా ఈ రాతను వదిలేసినాయి. అరసున్న పోయింది, దానితోపాటే బండి ఱ కూడా పోయింది. అక్షరమాల పటంలో మాత్రం చిట్టచివర, క్ష పక్కన, కుర్చీ ఖాళీ చేయని పెద్దమనిషిలా కూర్చొని ఉంది.

మా తాత పుస్తకం సంగతికి వస్తాను. చిన్నాయన దాన్నే సాక్ష్యంగా చూపించినాడు కదా. తాత పెద్దబాలశిక్ష పట్టుకొని అయ్యవారి దగ్గర నేర్చినవాడు. ఆ లెక్కల పుస్తకంలో ఆఱు సేర్లు, నూఱు రూపాయలు, చెఱువు కింద మడి, గొఱ్ఱెలు అమ్మినది, అన్నీ పాత రాతలోనే ఉన్నాయి. నేను ర, ఱ వచ్చిన ప్రతి మాటనూ ఒక షీట్‌లో ఎక్కించినాను. ఎక్కువ చోట్ల చెఱువు అనే ఉంది. కొన్ని చోట్ల, అందులోనూ తొందరలో రాసిన పేజీల్లో, చెరువు అని ఉంది. ఆరు కూడా అట్లే, రెండు రకాలుగానూ. తాతకు కూడా అది నోటి నుంచి రాలేదు, జ్ఞాపకం నుంచి వచ్చింది. తొందరైతే జ్ఞాపకం జారింది. కానీ ఒకటి గమనించినాను. ర ఉండవలసిన చోట ఱ పెట్టిన సందర్భం ఒక్కటీ లేదు. నీళ్ల పన్ను కట్టిన చోట "నీరు" అనే ఉంది, మామూలు ర. తప్పితే ర వైపే తప్పినాడు. మనం తప్పితే ఱ వైపు తప్పుతున్నాము. పాతగా కనిపించాలని ప్రతి ర మీదా బండి కట్టేస్తున్నాము.

పుస్తకంలో నన్ను బాగా ఆపినది చెఱువు. కన్నడంలో కెరె. హళగన్నడ శాసనాల్లో దాన్ని కెఱె అని శకట రేఫతోనే చెక్కినారు. మన చెఱువులోని చె, వాళ్ల కెఱెలోని కె ఒకటే. ఇ, ఎ ముందు ఉన్న పాత క తెలుగులో చ అయింది. కివి, చెవి, కెయ్, చెయ్యి, ఆ వరసలోదే ఇది కూడా. కోలారు జిల్లా శాసనాలను బి.ఎల్. రైస్ 1905లో ఎపిగ్రాఫియా కర్నాటికా పదో సంపుటంగా అచ్చు వేయించినాడు. అందులో కన్నడం, తమిళం, తెలుగు మూడు భాషల శాసనాలూ ఉన్నాయి. మూడు భాషల్లోనూ ఒకప్పుడు ఈ హల్లు ఉండేది. తర్వాత తమిళం రాతలో ఉంచుకొంది, కన్నడం, తెలుగు వదిలేసినాయి. తమిళం వాళ్లు అందుకు వెల కడుతూనే ఉన్నారు. మా ఆఫీసు మనిషే చెప్పినాడు, మాటల్లో వాళ్లకు కూడా రెండు ర‌లూ ఒకటే అయిపోయినాయట. బడిలో చిన్న ర బదులు పెద్దది పెట్టి మార్కులు పోగొట్టుకొన్నది ఎన్నిసార్లో లెక్కలేదట.

ఇప్పుడు నా అభిప్రాయం. మనం కొత్తగా రాసేది ఏదైనా, పెళ్లి పత్రిక అయినా, ఈ పేజీలో వ్యాసం అయినా, రాతి మీది మాట అయినా, అన్నిచోట్లా ర రాయాలి. ఆరు, నూరు, చెరువు, చెరకు, ఊరగాయ, మరచిపోయినాను, కుక్క కరిచింది, తలుపు తెరిచినాను. రెట్టించిన చోట ర్ర: గుర్రం, గొర్రె, ఎర్ర, వెర్రి. ఇది తక్కువ తెలుగు కాదు, బద్ధకం కూడా కాదు. మనలో ఎవరి నోట్లోనూ రెండు ర‌లు లేవు. చెవికి వినిపించని తేడాను చేతితో రాయాలంటే ప్రతి మాటకూ నిఘంటువు తెరవాలి. ఊళ్లో ఉండే పిల్లలకే అది భారం. వారానికి ఒక గంట, అదీ బతిమాలితే, తెలుగు నేర్చుకొనే బెంగళూరు పిల్లలకూ హోసూరు పిల్లలకూ ఆ గంటను బండి ఱ కంఠతా పట్టించను ఖర్చు పెట్టడం నాకు ఇష్టం లేదు.

"మరి వేరు, వేరు కలిసిపోతాయి కదా, నీరు బూడిద అయిపోతుంది కదా?" అని చిన్నాయన అడిగినాడు. న్యాయమైన ప్రశ్న. కానీ వాక్యంలో ఎప్పుడూ కలిసిపోవు. "చెట్టు వేరు", "వేరు కాపురం", ఎవరికీ అనుమానం రాదు. బూడిద అన్న నీఱును ఇప్పుడు ఎవరూ వాడరు, నివురు ఉంది, బూడిద ఉంది. రెండూ ర‌తో రాసినప్పుడు చిక్కు రాదు. తెలియకుండా ఱ పెట్టినప్పుడే వస్తుంది. ర రాస్తే పాత రాత తెలిసినవాడు "కొత్త పద్ధతి" అనుకొని చదివేస్తాడు. తప్పు చోట ఱ రాస్తే ఆ రోజుల లెక్కలోనూ తప్పే, ఈ రోజుల లెక్కలోనూ తప్పే.

ఊహించి పెట్టడం ఎందుకు కుదరదో నేను పరీక్ష చేసినాను. మొదట ఏటి, నూట సూత్రం పట్టుకొన్నాను. టి వచ్చే మాటకు ఱ అనుకొంటే, ఏఱు, నూఱు సరిపోయినాయి. తర్వాత నీరు, నీటి వచ్చింది. సూత్రం ప్రకారం నీఱు కావాలి, కాదు. నోరు, నోటి కూడా అంతే, పాత రాతలో నోరుకు మామూలు రే. వేరే మాటలను చూసి వీటికి కూడా టి అంటుకొంది. చిన్నాయన కూడా ఈ దారిలోనే పడి ఉంటాడని నా అనుమానం. తర్వాత తమిళం పరీక్ష. ఇది చాలావరకు పని చేస్తుంది, నేను నమ్మేది కూడా దీన్నే. కానీ గుర్రం దగ్గర ఆగిపోయింది. మన పాత రాత గుఱ్ఱము, తమిళంలో కుదిరై, అందులో ర చిన్నదే. మాట లోపలే వేరే మార్పు జరిగింది. సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో, రాజు, నగరం, శరీరం, కరుణ, బండి ఱ ఎప్పుడూ రాదు. ఈ ఒక్క సూత్రానికి మాత్రం నాకు మినహాయింపు దొరకలేదు. ఎవరైనా "కఱుణ" అని రాస్తే అది పాత తెలుగు కాదు, వేషం.

అట్లని ఱను పటం నుంచి తీసేయమని చెప్పే వాళ్లతో కూడా నేను ఒప్పుకోను. చదవడం వేరు, రాయడం వేరు. ఇంటర్నెట్‌లో స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి. ఱ తెలియని పిల్ల మొదటి పేజీలోనే ఆగిపోతుంది. దానికి కావలసింది ఒక్క నిమిషం: ఇది కనపడితే ర అని చదువు. అంతే. మా ఇంట్లో తాత పుస్తకం చూపించి చెప్పినాము, మా పాపకు ఇంకోసారి చెప్పే పని పడలేదు.

పాత రాతను నకలు చేసేటప్పుడు మాత్రం ఱను ముట్టుకోకూడదు. తాత పుస్తకాన్ని టైపు చేస్తున్నాము కదా, అందులో ఆయన చెఱువు అని రాసిన చోట చెఱువు, చెరువు అని రాసిన చోట చెరువు. రెండూ ఒకటి చేసి "సరిదిద్దితే", పైన నేను చెప్పిన సంగతి, ఆయన ఎటు వైపు తప్పినాడో, ఎవరికీ ఎప్పటికీ తెలియదు. పద్యాలకు ఇది ఇంకా ముఖ్యం, ప్రాస సాక్ష్యం పోతుంది. ఱను ఎప్పుడైనా ర చేయవచ్చు, ఒక్క క్షణం పని. రను తిరిగి ఱ చేయను ఏ ప్రోగ్రాముకూ సాధ్యం కాదు, ఏ మాటలో ఉండేదో ఆ సమాచారమే పోయి ఉంటుంది.

అయితే అట్లే ఉంచితే వెతకడం కుదరదు. కంప్యూటర్‌కు ఇవి రెండూ సంబంధం లేని అక్షరాలు. ర సంఖ్య U+0C30, ఱ సంఖ్య U+0C31. యూనికోడ్ మామూలు సర్దుబాట్లు ఏవీ వీటిని కలపవు. మా అత్త "చెరువు" అని వెతికి, "తాత ఒక్కచోటే రాసినాడా?" అని అడిగింది. మిగిలినవన్నీ చెఱువులో మునిగి ఉన్నాయి. అందుకని అసలు పాఠం అసలుగానే ఉంచి, వెతికేటందుకు ఒక కాపీ చేసి, అందులో మాత్రం మార్చినాను:

```python
"చెఱువు" == "చెరువు"        # False
"చెఱువు".replace("\u0c31", "\u0c30") == "చెరువు"   # True
```

వెతికే వాళ్లు టైపు చేసిన మాటను కూడా ఇట్లే మార్చి పోల్చాలి, లేకుంటే ఱతో వెతికిన వాళ్లకు ఏమీ దొరకదు. టైపు చేసే వాళ్లకు ఇంకొక మాట. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ర j మీద ఉంది, ఱ Shift తో J. షిఫ్ట్ మీద వేలు ఉండిపోతే ఱ పడుతుంది. మేము టైపు చేసిన పేజీల్లో తాత రాయని ఱలు కొన్ని అట్లా వచ్చినాయి. సంస్కృతం మాటలో ఱ కనపడిందంటే తాత కాదు, మన వేలే. వాటిని స్కాన్‌తో పోల్చి తీసేసినాను.

ఇక మిగిలింది పేర్లు. పేరు సొంతదారుది. గుఱ్ఱం జాషువా పుస్తకాల మీద బండి ఱతోనే పేరు అచ్చవుతుంది, గుర్రం అని రాసేవాళ్లూ ఉన్నారు. నేను పుస్తకం అట్ట మీద ఎట్లా ఉంటే అట్లా రాస్తాను. మహాభారతం ముగ్గురు కవుల్లో ఒకడైన ఎఱ్ఱన పేరు కూడా అంతే. మా తాత పేరు విషయంలో అవ్వను అడిగినాను. అవ్వ పెట్టెలో నుంచి ఒక పాత పత్రం తీసింది. కింద సంతకం, ఎఱ్ఱ అని, రెండు బండ్లు ఒకదాని కింద ఒకటి, సిరా బాగా పట్టి. "పత్రాల్లో ఎప్పుడూ ఇట్లే పెట్టేవాడప్పా. దీన్ని మార్చొద్దు" అన్నది. నీళ్ల సంగతి చెప్పి, ఆ అక్షరానికి బూడిద అని అర్థం వస్తుందంటే, "అయ్యో, తాగే నీళ్లు అని రాస్తే పోయె కదా, అంత కష్టమెందుకు?" అన్నది.

చిన్నాయన ఒప్పుకొన్నాడు. రాతి పనివానికి నిన్న పంపిన కాగితంలో "తాగే నీళ్లు" అని ఉంది. కింద తాత పేరు, ఎఱ్ఱతోనే. పనివాడు ముళబాగిలు వాడు, కన్నడం, తెలుగు రెండూ చెక్కుతాడు. ఆ అక్షరం చూసి, "ఇది నా దగ్గర అచ్చు లేదు సార్, పెద్దగా గీసి పంపండి" అన్నాడు. తాత సంతకాన్నే ఫోటో తీసి, అంగుళంన్నర ఎత్తుకు పెంచి పంపినాను.